కార్డు ఫోటోకు మూడు మెసేజీలు

పెళ్లిళ్ల రోజులొస్తే చంద్రాపూర్ లాల్‌పేట్‌లోని మా గని క్వార్టర్లలో చుట్టాలందరికీ చోటు చాలదు. మంచిర్యాల నుంచో కాగజ్‌నగర్ నుంచో వచ్చినవాళ్లు ఊళ్లో ఏదో ఒక హోటల్లో దిగుతారు. దిగిన కాసేపటికి నా ఫోన్‌కు ఒక ఫోటో వస్తుంది. బల్ల మీదుండే లామినేషన్ కార్డు అది. సగం మరాఠీ, సగం ఇంగ్లీషు. కింద "ఇదేందో చెప్పరా" అని ఉంటుంది. ఇక్కడే పుట్టి మరాఠీ బడిలో చదివినందుకు నాకు దక్కిన ఉద్యోగమిది, జీతం లేదు.

ఈమధ్య మా బావ పంపింది చూడండి. తెల్లవారుజామున మూడింటికి రైలు దిగి గదిలో చేరాడు. కార్డులో పైన వైఫై, మధ్యలో చెక్అవుట్, అట్టడుగున చిన్న అక్షరాల్లో అగ్నిప్రమాదం సంగతి. నేను ఆ వరుస ఎప్పుడూ పాటించను. నిద్ర ముంచుకొస్తున్న మనిషి మొదటి మెసేజ్ చదువుతాడు, రెండోది చూస్తాడు, మూడోది పొద్దున తెరుస్తాడు. అందుకని అడుగున ఉన్నదే ముందు పంపుతాను.

"మంటలొస్తే లిఫ్ట్ ఎక్కొద్దు. మెట్ల మీద దిగు. ఇప్పుడు ఒక్కసారి తలుపు తీసి మెట్లు ఎటున్నయో చూసి రా బావా."

ఆ చివరి వాక్యం కార్డులో లేదు, నేను కలిపింది. కార్డు మీద బొమ్మ ఉంటుంది, గదికి చుక్క, మెట్లకు బాణం. కానీ ఫోటో అడ్డంగా తీస్తే ఆ బాణం ఎటు చూపుతోందో నేను లాల్‌పేట్‌లో కూర్చుని చెప్పలేను. కుడి అని రాసి ఎడమైతే, చెప్పకపోవడమే మేలు. బావ విసుక్కుంటూనే వెళ్లి చూశాడు. "ఎడమకు, నాలుగో తలుపు దాటినంక" అన్నాడు. పొగ కమ్మి కళ్లు కనబడనప్పుడు గోడ తడుముతూ లెక్కపెట్టుకోవడానికి ఆ నాలుగు పనికొస్తుంది.

మెట్లలోనే పొగ ఉంటే? చాలా కార్డులు ఈ సంగతి చెప్పవు. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఒక భవనం కింది భాగంలోని ఎలక్ట్రిక్ బైకుల షోరూంలో మంటలు లేచాయి. పొగ మెట్ల దారిలో పైకెక్కి హోటల్ గదులను చుట్టుకుంది. 8 మంది చనిపోయారు. అందుకే నేను ఇంకో రెండు ముక్కలు చేరుస్తాను. తలుపు వేడిగా ఉన్నా, బయట పొగ దట్టంగా ఉన్నా గదిలోనే ఉండి తలుపు మూసెయ్, సందుల్లో తడి తువ్వాలు కుక్కు, 112కు ఫోన్ చేసి గది నంబర్ చెప్పు, కిటికీ దగ్గర నిలబడి కనబడు.

రెండో మెసేజ్ చెక్అవుట్. కార్డులో ఉన్నది "దుపారీ 12", అంటే మధ్యాహ్నం పన్నెండు. అనువాదం అక్కడితో అయిపోయింది గానీ బావ చిక్కు తీరలేదు. మూడింటికి దిగినవాడికి ఏ పన్నెండు? కొన్ని లాడ్జిల్లో ఇరవై నాలుగు గంటల లెక్క, అంటే మర్నాడు తెల్లవారుజామున మూడు దాకా గది మనదే. పన్నెండు లెక్క ఉన్నచోట మాత్రం తొమ్మిది గంటలకే ఒక రోజు అద్దె అయిపోవచ్చు. ఆ సంగతి కార్డు చెప్పదు, కౌంటర్ చెప్పాలి. అడగాల్సిన మరాఠీ మాట తెలుగు లిపిలో రాసి పంపాను: "ఆజ్ బారా వాజతా కీ ఉద్యా?" ఇవాళ పన్నెండుకా, రేపా? జవాబును బిల్లు మీద రాయించుకోమన్నాను.

వైఫై చివరికి. నెట్‌వర్క్ పేరు, పాస్‌వర్డ్ అనువదించేవి కావు, తెలుగు లిపిలో రాసేవీ కావు. కార్డు మీద ఉన్నట్టే టైపు చేసి, పాస్‌వర్డ్ ఒక్కదాన్నే వేరే మెసేజ్‌గా పంపుతాను. దాని మీద వేలు నొక్కిపెట్టి కాపీ చేసుకుంటే చాలు. వెనక ఫుల్‌స్టాప్ గానీ ఖాళీ గానీ ఉండకూడదు. ఫోటోలో `O`, `0` ఒకేలా కనిపిస్తాయి. `l`, `I`, `1` కూడా అంతే. అనుమానమొస్తే ఊహించను, ఫ్లాష్ ఆపి, ఆ ఒక్క వరుసే దగ్గర్నుంచి మళ్లీ తీయమంటాను. లామినేషన్ మీద ఫ్లాష్ పడితే సరిగ్గా కావాల్సిన అక్షరమే తెల్లగా మాయమవుతుంది.

కనెక్ట్ అయినా నెట్ రాకపోతే పాస్‌వర్డ్ తప్పని కాదు. చాలా హోటళ్లలో ఒక లాగిన్ పేజీ తెరుచుకోవాలి, అందులో గది నంబరో, మొబైల్‌కు వచ్చే ఓటీపీయో ఇవ్వాలి. మొబైల్ డేటా ఆన్‌లో ఉంటే ఫోన్ దాని మీదే నడిచిపోయి ఆ పేజీ కనబడకపోవచ్చు. డేటా ఆపి, బ్రౌజర్‌లో `http://neverssl.com` కొడితే సాధారణంగా ఆ పేజీ పైకొస్తుంది.

కార్డులో మిగిలిన నీళ్ల బాటిల్ ధర, లాండ్రీ, టీవీ చానళ్లు నేను అనువదించను. ఆ వేళకు ఎవరూ చదవరు. మీకూ ఇలాంటి ఫోటో వస్తే మొత్తం కార్డును ఒకే పొడుగు మెసేజ్‌గా దించేయకండి, మెట్ల సంగతి ముందు పంపండి, చూసొచ్చామని వాళ్లు చెప్పాకే పాస్‌వర్డ్ ఇవ్వండి.