పక్కలు పెంచినా చెదరని పాట

మాస్టరింగ్ ఇంజనీర్ పనితనం తెలిసేది ఆయన మోనో బటన్ నొక్కినప్పుడే.

స్టీరియోను ఆయన రెండుగా విడదీస్తాడు: M = (L+R)/2, S = (L−R)/2. గొంతు, బేస్ ఎక్కువగా మిడ్‌లో ఉంటాయి. ఎడమ కుడుల మధ్య తేడా అంతా సైడ్‌లో. రెండు చానళ్లనూ కలిపేస్తే సైడ్ పూర్తిగా రద్దవుతుంది. అందుకే సైడ్‌ను ఎంత పెంచినా ఒంటి స్పీకర్‌లో పాట మారదు. 1931లోనే అలన్ బ్లమ్లీన్ పేటెంటు దరఖాస్తులో ఈ కిటుకు ఉంది మరి!

పూర్తిగా ఎడమకు తోసిన గిటార్‌ను తీసుకుందాం. సైడ్‌ను 3 డెసిబెల్స్ పెంచితే ఎడమలో దాని స్థాయి 1 నుంచి 1.2 అవుతుంది, కుడిలో తలకిందులైన గిటార్ 0.2 మొలుస్తుంది. కలిపితే మళ్లీ అదే 1. అంటే స్టీరియోలో గిటార్ గొంతును మించబోతుంటే, మోనోలో పాత చోటే ఉంటుంది. హెడ్‌ఫోన్స్‌లో శబ్దం బోలుగా తోచినా, కోరిలేషన్ మీటర్ తరచూ సున్నా కిందికి జారినా వెనక్కి తగ్గాల్సిందే. నేర్పరి చాలాసార్లు 1 డెసిబెల్‌తోనే సరిపెట్టుకుంటాడు.