అన్నం తగ్గించాలంటే ముందు కూర పెంచాలి

మా అన్నవరంలో ఎవరైనా బరువు తగ్గాలనుకుంటే మొదట రాత్రిపూట అన్నం మానేస్తారు. దాని బదులు రెండు చపాతీలు, అందులోకి కాస్త బంగాళాదుంప కూర. వారం తిరక్కుండానే రాత్రి పదింటికి జంతికల డబ్బా మూత తెరుచుకుంటుంది. నోరు కట్టుకోలేకపోయాడని ఇంట్లోవాళ్ళు నిట్టూరుస్తారు గానీ, లోపం మనిషిది కాదు, లెక్కది. చెంచాడు చెంచాడు నూనె రాసి కాల్చిన రెండు చపాతీలు దగ్గర దగ్గర 300 కేలరీలు. పావుకిలోకి కొంచెం తక్కువ అన్నంలోనూ అంతే ఉంటుంది. కానీ ఆ చపాతీలు వంద గ్రాములకు అటూ ఇటూ తూగుతాయి. కేలరీలు తగ్గకపోగా కడుపులోకి వెళ్ళిన సరుకు సగానికి పడిపోయింది. ఇక ఆకలి వేయక ఏం చేస్తుంది?

ఈమధ్య 'వాల్యూమ్ ఈటింగ్' అంటున్నది ఈ లెక్కను తిరగేయడమే. కడుపు గోడ సాగితే నిండిందన్న కబురు మెదడుకు చేరుతుంది. ఆ సాగడానికి కేలరీలతో నిమిత్తం లేదు, తిన్నదాని పరిమాణమే ముఖ్యం. నీళ్ళు, పీచు ఎక్కువున్న కూరగాయలు పరిమాణాన్నిస్తాయి, కేలరీలను అంతగా ఇవ్వవు. వంద గ్రాముల అన్నం 130 కేలరీలైతే, వంద గ్రాముల ఆనపకాయ పదిహేనుకు మించదు. అదే వంద గ్రాముల నూనె 900. మన కొండ మీద ప్రసాదం పొట్లం చూడండి, గుప్పెడు విస్తరాకులో గోధుమ నూక, తీపి, నెయ్యి దట్టంగా ఒదిగి ఉంటాయి. దాన్ని భక్తితో చిటికెడు తినాలి, ఆకలి తీర్చుకోవడానికి కాదు.

అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో బార్బరా రోల్స్ అనే పరిశోధకురాలు ఈ విషయం మీద చాలా కాలం పనిచేశారు. 1999లో ఆమె బృందం ప్రచురించిన పరీక్ష ఒకటి మన వంటింటికి బాగా పనికొస్తుంది. భోజనానికి ముందు కొందరు ఆడవాళ్ళకు ఒకరోజు అన్నం, కోడిమాంసం, కూరగాయలు కలిపి వండిన వంటకం పెట్టారు. ఇంకోరోజు అదే వంటకంతో పాటు గ్లాసు నీళ్ళిచ్చారు. మరోరోజు అవే నీళ్ళు అందులోనే పోసి సూప్‌గా కాచి ఇచ్చారు. సరుకులు అవే, నీళ్ళూ అవే. అయినా పక్కన తాగిన నీళ్ళు ఆకలిని తగ్గించలేదు. సూప్ తాగిన రోజు మాత్రం ఆ తర్వాత భోజనం తగ్గింది. తిండిలో కలిసి కాగిన నీళ్ళది వేరే పద్ధతన్నమాట.

మనకు ఇందులో కొత్త వంటలేమీ అక్కర్లేదు. ముక్కల పులుసు, చారు, మజ్జిగ పులుసు, తోటకూర, బీరకాయ, పొట్లకాయ అన్నీ ఉన్నాయి. చిక్కల్లా వాటిని తినే వరసలోనే. గోదావరి భోజనంలో పప్పుకో ముద్ద, కూరకో ముద్ద, పులుసుకో ముద్ద, చారుకో ముద్ద, చివర పెరుగుకో ముద్ద. ఆకలి తీర్చాల్సిన పదార్థం ఒక్కొక్కటీ మరో గరిటెడు అన్నాన్ని వెంటబెట్టుకొస్తోంది. నేను గిన్నెడు కూర ముందేసుకుని తింటుంటే మా పెద్దమ్మ, "ఏరా, కూర ఉత్తినే తింటావేంట్రా? అన్నంలోకి కదా అది!" అంది. ఆవిడ మాటలో సగం నిజం ఉంది. మన కూరలో ఉప్పూకారం అన్నంలో కలుస్తుందన్న లెక్కన పడతాయి. అదే కూర పావుకిలో ఉత్తినే తింటే నోరు మండి చెయ్యి దానంతటదే అన్నం గిన్నె మీదికి పోతుంది. అందుకే కంచం మార్చేముందు పోపుగిన్నె దగ్గర మార్పు రావాలి. ఉప్పు, కారం, చింతపండు మూడూ సగం చేయాలి.

లేత ఆనపకాయ, పెసరపప్పు కూరనే తీసుకుందాం. ఒక మనిషికి 300 గ్రాముల ముక్కలు, అరగంట నానబెట్టిన గుప్పెడు పెసరపప్పు, అంటే 30 గ్రాములు. చిన్న చెంచాడు నూనెలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు వేగాక ముక్కలూ పప్పూ వేసి, మూత మీద నీళ్ళు పోసి సన్నమంట మీద మగ్గనివ్వాలి. ఆనపకాయ నీళ్ళే దానికి చాలు. పప్పు వేళ్ళ మధ్య నలగాలి గానీ ముద్దకాకూడదు. ఇదంతా కలిపి 190 కేలరీలు.

ఇప్పుడు రెండు మధ్యాహ్న భోజనాలు పక్కపక్కన పెడదాం. పాతది: అన్నం 400 గ్రాములు, నెయ్యేసిన ముద్దపప్పు, బెండకాయ వేపుడు, గట్టి పెరుగు. తూకం ముప్పావు కిలో, కేలరీలు వెయ్యి. కొత్తది: ముందు పెద్ద గ్లాసుడు ముక్కల చారు, పావుగంటాగి పైన చెప్పిన కూర, దాంతో 150 గ్రాముల అన్నం, చివర గ్లాసుడు పల్చటి మజ్జిగ. తూకం తొమ్మిది వందల గ్రాములు దాటింది, కేలరీలు ఐదు వందలకు లోపే. చారులో మాత్రం ఉడికిన కందిపప్పు రెండు చెంచాలు, ములక్కాడో ముల్లంగో ముక్కలుగా ఉండాలి. వడకట్టిన తేట చారు కాసేపటికే కడుపులోంచి జారిపోతుంది.

పీచు కోసం మా వైపు అరటి దూటను మించింది లేదు. గెల కొట్టేశాక చెట్టు నడిమిలో మిగిలే తెల్లటి మొవ్వు అది. చక్రాలుగా కోస్తుంటే ఒక్కో చక్రానికీ సన్నటి దారాలు సాగుతాయి. వాటిని వేలికి చుట్టుకుంటూ తీసేసి, ముక్కల్ని నల్లబడకుండా మజ్జిగ నీళ్ళలో వేయాలి. దారాలు పోయినా ముక్కలో పీచు మిగిలే ఉంటుంది. ఆవ పెట్టి వండితే బాగా నమలాల్సి వస్తుంది, భోజనం నిదానిస్తుంది.

ఇక దెబ్బతినేదెక్కడంటే, కూరగాయ పేరు చెప్పి నూనె తినడంలో. వంకాయ, కంద, బెండకాయ వేపుడులో పడ్డాయంటే వాటి తేలికదనం పోయినట్టే. కంచం కడిగేటప్పుడు జిడ్డు వదలకపోతే కూర గురించి ఇంకేం అడగక్కర్లేదు. రెండోది, ఉత్త కూరగాయలతోనే కడుపు నింపుకోవడం. మాంసకృత్తులు లేకపోతే భుక్తాయాసం వచ్చేంత తిన్నా రెండు గంటల్లో మళ్ళీ ఆకలే. పప్పో, గుడ్డో, పులుసులో చేపముక్కో ఉండాలి. మూడోది, ఒక్కరోజులో పీచు రెట్టింపు చేయడం. కడుపుబ్బరం, గ్యాసు మొదలై, ఇది మనకు పడదని వదిలేస్తారు. వారానికో గరిటె చొప్పున పెంచుకుంటూ, నీళ్ళు బాగా తాగాలి.

షుగరు మాత్రలో ఇన్సులినో వాడేవాళ్ళు డాక్టరుకు చెప్పకుండా అన్నం ఇంతగా తగ్గించకూడదు. పాత మోతాదు మందుకు కొత్త భోజనం చాలక షుగరు పడిపోవచ్చు. మూత్రపిండాల్లో రాళ్ళున్నవాళ్ళు తోటకూర, పాలకూర, బచ్చలి రోజూ తినకుండా ఆనప, బీర, పొట్ల వైపు మళ్ళడం మంచిది. బీపీ ఉన్నవాళ్ళు చారులో ఉప్పు చూసుకోవాలి.

ఇది కుదిరిందో లేదో సాయంత్రం నాలుగింటికి తెలిసిపోతుంది. ఆ వేళకు బజ్జీల బండి మీదికి మనసు పోతోందంటే మధ్యాహ్నం కూరలో పప్పు చాలలేదు, రేపు ఇంకో గుప్పెడు వేయండి. ఆకలి లేదు గానీ నెల తిరిగినా బరువు కదల్లేదంటే నూనె సీసా వైపు చూడండి, పోపుకు వంచి పోసే చేతికి చెంచా ఇవ్వండి. రెండూ బాగుంటే అన్నం ఇంకా తగ్గించాలన్న దురాశ వద్దు. ఆ 150 గ్రాములూ కంచంలో ఉన్నాయి కాబట్టే మిగతా పద్ధతి నెలల తరబడి సాగుతుంది.