ఆరు వాక్యాల పనితనం

కరీంనగర్ చుట్టుపక్కల క్వారీల్లో తీసే టాన్ బ్రౌన్, మేపుల్ రెడ్ గ్రానైట్ దిమ్మెలు కాకినాడ రేవు మీదుగా చైనాకు వెళ్తాయి. అక్కడి కొనుగోలుదారులు క్వారీకే వచ్చి, దిమ్మె మీద నీళ్లు కొట్టించి, పగుళ్లు వెతుక్కుని, గుర్తు పెట్టుకుని పోతారు. అంతా ముఖాముఖి బేరం. ఆ రాయిని కోసే డైమండ్ వైర్ కొనాల్సి వచ్చినప్పుడు మాత్రం వ్యవహారం తిరగబడుతుంది. ఇప్పుడు కొనేది మనం, అమ్మేవాడు ఫూజియన్ రాష్ట్రంలో ఎక్కడో ఉంటాడు, మధ్యలో అలీబాబా లాంటి సైటు, ఒక చాట్ కిటికీ. సరుకు మీద నీళ్లు కొట్టి చూసే వీలు లేదు.

ఆ కిటికీలో డబ్బును సైటు దాటించడానికి మోసగాడు వాడే మాటల అల్లిక మెచ్చుకోదగ్గది. మెచ్చుకుంటేనే అది ఎలా పనిచేస్తుందో కనబడుతుంది. కింది సంభాషణ ఏ ఒక్కరిదీ కాదు. ఇలాంటి చాట్‌లు సాధారణంగా నడిచే తీరును క్వారీ సామాను అమ్మే ఒక దుకాణదారుడికి అన్వయించి నేను కూర్చాను. లెక్కలూ నావే. మీటరు 30 డాలర్ల చొప్పున 200 మీటర్ల వైర్, మొత్తం 6,000 డాలర్లు.

"సర్, మీది టాన్ బ్రౌన్ అయితే 11.5 మిల్లీమీటర్ల బీడ్లు, మీటరుకు 40, రబ్బరు పూతది తీసుకోండి. మీ వైర్ సా మోటారు ఎన్ని హార్స్ పవర్?"

ఇందులో అబద్ధం ఒక్కటి కూడా లేదు. గట్టి గ్రానైట్‌కు క్వారీలో అడిగేది దాదాపు ఇలాంటి వైరే. సలహా ఇచ్చి ఊరుకోకుండా మోటారు గురించి ఎదురు ప్రశ్న వేయడంలోనే నైపుణ్యం ఉంది. సమాధానం చెప్పిన క్షణం నుంచి మనం అతన్ని పని తెలిసినవాడిగా లెక్కేస్తాం. వైర్ గురించి తెలిసినవాడు డబ్బు గురించి కూడా నిజమే చెబుతాడని మనసు తనంతట తానే అనుకుంటుంది.

"మేనేజరును అడిగాను. సైటు మా దగ్గర కమిషన్ పట్టుకుంటుంది. నేరుగా పంపితే 5 శాతం మీకే తగ్గిస్తాం."

ఇది సగం నిజం, అందుకే బలమైనది. సైటు అమ్మకందారు దగ్గర రుసుం తీసుకునే మాట వాస్తవమే. నిజాయితీగల ఫ్యాక్టరీవాళ్లు కూడా దాన్ని తప్పించుకోవాలని ఒక్కోసారి ఇదే అడుగుతారు. కాబట్టి అడిగినంత మాత్రాన దొంగ అనలేం. మనకు మిగిలేది 300 డాలర్లు, కాపలా లేకుండా పోయేది 5,700. ఈ రెండో అంకెను చాట్‌లో ఎవరూ పలకరు. ఇక ఆ మేనేజరు, ప్రతి బేరంలోనూ కనబడకుండా ఉంటూ మన తరఫున ఒప్పుకునే మంచి మనిషి!

"వానల ముందే కావాలన్నారు కదా. సైటు డబ్బు విడుదల చేసేదాకా ఆగితే ఆలస్యమవుతుంది. ఇవాళ 30 శాతం వస్తే రేపే పని మొదలు."

వానల మాట మనదే, రెండు రోజుల కిందట యథాలాపంగా అన్నది. దాన్ని దాచిపెట్టి గడువుగా మార్చి మనకే తిరిగి ఇచ్చాడు. అతను తొందరపెట్టినట్టు ఉండదు, మన పని గుర్తుపెట్టుకున్నట్టు ఉంటుంది. 5,700లో 30 శాతం అంటే 1,710 డాలర్లు. అది చేరాక, మన దుకాణం పేరు అంటించిన పెట్టెల ఫొటో ఒకటి వస్తుంది. మిగిలిన 3,990 అడగడానికి ఆ అట్టపెట్టె చాలు.

"భయం వద్దు. ఆర్డరు సైటులోనే పెడదాం. అక్కడ 100 డాలర్లు కట్టండి, మిగతాది నేరుగా."

నా దృష్టిలో మొత్తం చాట్‌లో శిఖరం ఇదే. అనుమానించే కొనుగోలుదారుడి కోసమే చేసిన వాక్యమిది. అతనికి కావలసిన ఆర్డరు నంబరు ఉంటుంది, అమ్మకందారు పేరు ఉంటుంది, ట్రేడ్ అష్యూరెన్స్ గుర్తు కూడా కనబడుతుంది. అయితే ఆ హామీ సైటు చూపించిన ఖాతాకు, ఆ ఆర్డరు కింద కట్టిన సొమ్ముకే వర్తిస్తుంది. వైర్ రాకపోతే వాదించుకోగలిగేది ఆ 100 గురించే. 5,600 డాలర్లు పక్క దారిలో పోయిన సంగతి ఆర్డరులో ఎక్కడా ఉండదు. తలుపుకు తాళం వేయించి, సామానంతా బయట పెట్టించినట్టు. ఇక్కడి నుంచే మాటలు వాట్సాప్‌కు మారతాయి. ఫోను నంబరును అంకెల్లో రాయకుండా విజిటింగ్ కార్డు ఫొటోగా పంపితే, చాట్‌ను గమనించే సైటు కంటికి అది అంత తేలిగ్గా ఆనదు.

"ఖాతా మా హాంకాంగ్ కంపెనీ పేరున ఉంది. బ్యాంకు అడిగితే సర్వీస్ చార్జీ అనండి."

మొదటి సగం కొన్నిసార్లు నిజం కావచ్చు. చైనా ఎగుమతిదారుల్లో హాంకాంగ్ ఖాతా ఉన్నవాళ్లు ఉన్నారు. మన బ్యాంకులు కూడా మూడో పార్టీకి దిగుమతి సొమ్ము పంపనిస్తాయి, కాకపోతే డబ్బు ఎవరి పేరున వెళ్లాలో కాగితాల్లో ఉండాలి. నిజమైన ఫ్యాక్టరీ ఆ రాత ఇవ్వగలదు. రెండో సగం దగ్గర మాత్రం ఆగిపోవాలి. సరుకు కోసం ముందుగా పంపే డబ్బుకు బ్యాంకులో వేరే పర్పస్ కోడ్ ఉంటుంది. ఆ కోడ్ కింద వెళ్లిన సొమ్మును 2016 నుంచి నడుస్తున్న రిజర్వ్ బ్యాంకు ఐడీపీఎంఎస్ వ్యవస్థలో నమోదు చేసి, తర్వాత కస్టమ్స్ బిల్ ఆఫ్ ఎంట్రీతో సరిచూస్తారు. సరుకు రాకపోతే బ్యాంకు మనల్ని అడుగుతుంది. సర్వీస్ చార్జీ అని రాస్తే సరుకు వచ్చిందా అని అడిగేవాళ్లే ఉండరు. పైగా అబద్ధం రాసింది మనమే అవుతాం కాబట్టి, రేపు ఫిర్యాదుకు వెళ్లాలన్నా కాలు వెనక్కి లాగుతుంది. ఒక్క వాక్యంతో బాధితుణ్ణి భాగస్వామిని చేసే పని ఇది.

ఇప్పుడు దుకాణదారుడు అడగాల్సింది ఒకటే. "మీ రుసుం ఎంతైతే అంత ధరలో కలుపుకోండి. మొత్తం ఆర్డరు సైటులోనే పెట్టండి." తగ్గింపు వద్దనడంతో రెండో వాక్యానికి పునాది పోతుంది. రుసుం గురించే బాధపడే ఫ్యాక్టరీ అయితే కొత్త ధర వేసి ఆర్డరు పంపుతుంది. మోసగాడి దగ్గర్నుంచి ఆరో వాక్యం వస్తుంది.

"ఇన్ని రోజులు మాట్లాడాక కూడా మీరు నన్ను నమ్మడం లేదు సర్. చాలా బాధగా ఉంది."

పనితనం చెడేది ఇక్కడే. అంతదాకా ప్రతి మాట వెనకా ఒక లెక్క ఉంది. ఇందులో లెక్క లేదు, మొహమాటం ఒక్కటే ఉంది. మన దగ్గర అది బాగానే పారుతుంది కూడా.

పారితే, డబ్బు వెళ్లాక దారులు తక్కువ. 1930కి ఫోను చేయాలి, బ్యాంకుకు రీకాల్ కోరుతూ రాసివ్వాలి. దేశం లోపలి ఖాతా అయితే సొమ్ము ఆపించే అవకాశం ఎంతోకొంత ఉంటుంది. స్విఫ్ట్‌లో వెళ్లి విదేశీ ఖాతాలో జమైన డబ్బు వెనక్కి రావాలంటే మామూలుగా ఆ ఖాతాదారుడే ఒప్పుకోవాలి.

సైటులో కట్టినా ఒక జాగ్రత్త ఉంది. ఆర్డరులో "డైమండ్ వైర్, 200 మీటర్లు" అని మాత్రమే రాసి ఉంటే, నాసి వైర్ వచ్చినా ఆర్డరు ప్రకారం సరుకు అందినట్టే. మొదటి వాక్యంలో అతనే చెప్పిన 11.5 మిల్లీమీటర్లు, మీటరుకు 40 బీడ్లు, రబ్బరు పూత, ఇవన్నీ డబ్బు కట్టకముందే ఆర్డరులోకి ఎక్కించుకోవాలి. చాట్‌లో ఉన్నాయి కదా అని వదిలేయకూడదు.