హెచ్‌ఆర్ రౌండులో బలహీనత ప్రశ్న

తెలంగాణ కుర్రకారు ఎక్కువగా ఆశపడే సర్కారు కొలువుల్లో ఇంటర్వ్యూ దాదాపు కనుమరుగైంది. గెజిటెడ్ కాని గ్రూప్-బి, గ్రూప్-సి పోస్టులకు కేంద్రం 2016 జనవరి 1 నుంచి మౌఖిక పరీక్ష తీసేసింది. 2022 ఏప్రిల్‌లో రాష్ట్ర మంత్రివర్గం గ్రూప్-1, గ్రూప్-2లకు కూడా ఇంటర్వ్యూ వద్దని నిర్ణయించింది. పైరవీలకు తావుండదన్న లెక్కలో ఇది మంచిదే. కానీ దీనివల్ల జనగామలో డిగ్రీ చదివి, మూడు నాలుగేళ్లు పోటీ పరీక్షల పుస్తకాలు తిరగేసిన అభ్యర్థికి, ఒక మనిషి ఎదురుగా కూర్చుని తన గురించి తనను అడిగే సందర్భమే ఎదురుకాదు. ఎదురైతే బ్యాంకు పీఓ ఎంపికలో ఎదురవ్వాలి (ఐబీపీఎస్‌లో ఇంటర్వ్యూకి 100 మార్కులు, తుది జాబితాలో మెయిన్స్‌కీ దానికీ 80:20 నిష్పత్తి), లేదా పొద్దున్నే బస్సెక్కి ఉప్పల్‌లో దిగి వెళ్లే ఏ ప్రైవేటు కంపెనీ హెచ్‌ఆర్ రౌండులోనో. అలవాటు లేని ఆ కుర్చీలో కూర్చున్నాక వచ్చే ప్రశ్నల్లో అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది ఇదే: మీలో పెద్ద బలహీనత ఏమిటి?

దీనికి మన దగ్గర తయారుగా ఉన్న జవాబులు చాలానే చలామణిలో ఉన్నాయి. సీనియర్ల నోట్సులో, కోచింగ్ మెటీరియల్‌లో, వీడియోల్లో అవే తిరుగుతుంటాయి. పని పూర్తిగా కుదిరేదాకా వదలను, ఎవరు సాయం అడిగినా కాదనలేను, పనిలో పడితే తిండి కూడా గుర్తుండదు. బలహీనత అడిగితే బలాన్నే ముసుగేసి చూపించడం ఈ పద్ధతి. ఇది మన ఒక్కరి తెలివే కాదు. ఓవుల్ సెజర్, ఫ్రాంచెస్కా జీనో, మైకేల్ నార్టన్ అనే పరిశోధకులు అమెరికాలో కాలేజీ విద్యార్థులను ఇదే ప్రశ్నకు జవాబు రాయమన్నారు. మూడొంతుల మందికి పైగా ఈ ముసుగు దారే పట్టారు. ఆ కాగితాలు చదివి అంచనా వేసినవాళ్లు మాత్రం నిజమైన లోపం చెప్పినవాళ్లకే ఉద్యోగం ఇవ్వడానికి మొగ్గు చూపారు. 2018లో అచ్చైన ఈ పరిశోధనను ఒక జాగ్రత్తతో చదవాలి. ఆ ముగ్గురిలో ఒకరైన జీనో వేరే పత్రాల్లోని గణాంకాల వివాదంలో చిక్కుకుని 2025లో హార్వర్డ్‌లో శాశ్వత పదవిని పోగొట్టుకున్నారు. అందుకని నా వాదనను ఈ ఒక్క అధ్యయనం మీద నిలబెట్టను. దాన్ని పక్కన పెట్టినా, అభ్యర్థి జవాబులో అడిగినవాడికి పనికొచ్చేది ఏముందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

నిజానికి ఈ ప్రశ్నలో సత్తా తక్కువ. అందరికీ ఒకేలా, పనికి సంబంధించిన ప్రశ్నలే వేసి, ఒకే కొలతతో మార్కులు వేసే ఇంటర్వ్యూ ఉద్యోగంలో ఎవరు రాణిస్తారో చెప్పడంలో మెరుగైన సాధనాల్లో ఒకటని, తోచినట్టు మాట్లాడించే ఇంటర్వ్యూ దానికి చాలా వెనకబడుతుందని పాల్ సాకెట్ బృందం 2022లో తేల్చింది. బలహీనత ప్రశ్న ఆ రెండో రకానిదే. అది అభిప్రాయం అడుగుతుంది. నేను ఓపిక తక్కువ మనిషినని అభ్యర్థి అంటే, అడిగినవాడి దగ్గర దాన్ని సరిచూసే దారి లేదు. ఎంత తక్కువ, ఎప్పుడు, ఎవరికి నష్టం జరిగింది అన్నవి తెలియనిదే ఆ మాటకు విలువ కట్టలేడు. అడగడం అతను సరిగా అడగలేదు కాబట్టి, సరైన జవాబు ఇచ్చే పని అభ్యర్థి మీద పడుతుంది. తన గురించి విశేషణం చెప్పకుండా జరిగిన ఒక పని చెబితే, చెత్త ప్రశ్న కూడా మంచి ప్రశ్నగా మారుతుంది. కాబట్టి ఇంటి దగ్గర తయారు చేసుకోవాల్సింది జరిగిన సంగతిని. మాటలు ఆ గదిలో ఎలా వస్తే అలా రానివ్వవచ్చు.

ఏ సంగతిని ఎంచుకోవాలన్నదే కష్టమైన భాగం. మొదట ఉద్యోగ ప్రకటనను ముందు పెట్టుకుని, ఆ పనికి ప్రాణం లాంటిది ఏదో చూసుకోవాలి. అకౌంట్స్ పోస్టుకు వెళ్తూ అంకెలు తప్పు పడతాయని చెప్పేవాడు నిజాయితీపరుడే, కానీ ఆ పోస్టుకు వెళ్లకుండా ఉండాల్సినవాడు. ఆ లోపం మొదట దిద్దుకోవాలి, జవాబు సంగతి తర్వాత. రెండోది, లోపం పనిలో కనబడేదై ఉండాలి. ఆరోగ్యం, ఇంటి ఇబ్బందులు, అప్పులు, మనసులోని భయాలు అడిగిన ప్రశ్నలోకి రావు, వాటిని అక్కడ విప్పాల్సిన బాధ్యతా లేదు. మూడోది, దానివల్ల నిజంగా ఒక నష్టం జరిగి ఉండాలి, ఎంత చిన్నదైనా సరే. నష్టం చెప్పలేకపోతున్నామంటే మళ్లీ ఆ ముసుగు జవాబు దగ్గరికే జారుతున్నట్టు.

ఒక ఊహా అభ్యర్థిని తీసుకుందాం. జనగామ ఏబీవీ ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో బీకాం చదివాడు. చదువుకుంటూనే సాయంత్రాలు ఒక ఎరువుల దుకాణంలో ట్యాలీలో బిల్లులు ఎక్కించేవాడు. ఇప్పుడు హైదరాబాద్‌లో అకౌంట్స్ అసిస్టెంట్ పోస్టుకు వచ్చాడు. వానాకాలం సీజన్‌లో దుకాణానికి కొత్తగా నాలుగు రకాల పురుగుమందులు వచ్చాయి. యూరియా, డీఏపీ లాంటి ఎరువుల మీద జీఎస్టీ 5 శాతం, రసాయన పురుగుమందుల మీద 18 శాతం. కొత్త ఐటెమ్‌లు సృష్టించేటప్పుడు అతనికి రేటు మీద అనుమానం వచ్చింది. కౌంటర్ దగ్గర రైతులు నిండి ఉన్నారు, యజమానిని అడగడానికి మొహమాటపడ్డాడు, మిగతా సరుకులాగే 5 శాతం పెట్టేశాడు. నెలాఖరులో కొనుగోలు బిల్లులతో సరిపోల్చినప్పుడు తేడా బయటపడింది. తర్వాతి నెల 11లోపు జీఎస్టీఆర్-1 వేయాలి కాబట్టి యజమానీ అతనూ రెండు రాత్రులు కూర్చుని బిల్లులు సరిదిద్దారు. అప్పటికే కొనుక్కుపోయిన రైతుల దగ్గర తేడా వసూలు చేయడం కుదరక, ఆ పన్ను దుకాణమే భరించింది.

ఇతని బలహీనత లెక్కలు రాకపోవడం కాదు. అనుమానం వచ్చినా పెద్దవాళ్లను అడగకపోవడం. ఈ సంగతి తెలుసుకోవడానికే అతను ముందు కాగితం మీద, తెలుగులోనే, జరిగింది జరిగినట్టు రాసుకోవాలి. అనుమానం ఏ క్షణంలో వచ్చింది, ఎందుకు నోరు మెదపలేదు, ఎవరు కనిపెట్టారు, ఖర్చు ఎవరి మీద పడింది, ఆ తర్వాత తాను చేసిన మార్పు ఏమిటి, ఇప్పటికీ ఎక్కడ తడబడుతున్నాడు. చివరి రెండే సాధారణంగా బోలుగా ఉంటాయి. మారాను అనడం మార్పు కాదు. అనుమానాలన్నీ ఒక చీటీ మీద రాసి దుకాణం తెరవగానే ఒకసారి, కట్టేసే ముందు ఒకసారి అడిగేవాణ్ననడం మార్పు. ముఖాముఖి ఇప్పుడు అడగగలుగుతున్నా, ఫోన్‌లో కొత్తవాళ్లను రెండోసారి అడగాలంటే ఇంకా వెనకాడుతున్నాననడం మిగిలిన లోపం. ఇది ఒప్పుకోవడానికి అభ్యర్థులు భయపడతారు కానీ, పూర్తిగా నయమైపోయిన బలహీనతను చెబితే అడిగిన ప్రశ్నకు జవాబు రానట్టే.

రాసుకున్నాక ఆ కాగితాన్ని బట్టీ పట్టకూడదు. అందులోంచి ఐదారు ముక్కలు మాత్రం చీటీ మీదకు ఎత్తుకోవాలి: పురుగుమందులు, 5-18, నెలాఖరు, 11వ తేదీ, రెండు పూటల చీటీ, ఫోన్. తర్వాత ముగ్గురికి వేర్వేరుగా చెప్పి చూడాలి. ఒకరికి నష్టం దగ్గర మొదలుపెట్టి, ఇంకొకరికి చేసిన మార్పు దగ్గర మొదలుపెట్టి చెప్పాలి. వినేవాళ్లకు ఒక పని అప్పజెప్పాలి, మధ్యలో ఆపి ప్రశ్న వేయమని. జవాబు బట్టీదో కాదో అక్కడే తేలుతుంది. బట్టీ పట్టినవాడు ఆపితే మళ్లీ మొదటి వాక్యానికి వెళ్తాడు, లేదా మూగబోతాడు. రెండు సార్లు చెప్పించినా అవే మాటలు అదే వరుసలో వస్తాయి. జరిగింది గుర్తు చేసుకుంటున్నవాడికి మాటలు మారతాయి, వివరాలు మారవు. మొదటిసారి చెప్పని ఒక వివరం, ఫలానా మందు పేరో, ఆ రోజు వర్షమో, ప్రశ్నకు బదులుగా కొత్తగా బయటికొస్తుంది. మొత్తం నిమిషన్నరకు మించితే మధ్యలో కథ పెరిగిందని గుర్తు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. అందరూ నటిస్తున్న చోట నిజం చెప్పినవాడే నష్టపోడా? జూలియా లెవషీనా, మైకేల్ క్యాంపియన్ 2007లో ప్రచురించిన పరిశోధనలో డిగ్రీ స్థాయి అభ్యర్థుల్లో 90 శాతానికి పైగా ఇంటర్వ్యూలో ఏదో మేరకు నటించినవాళ్లే. కొన్ని రకాల నటన తర్వాతి రౌండుకు చేరడంలో పనికొచ్చిందని కూడా వాళ్లు చూశారు. కాబట్టి నిజానికి ఎప్పుడూ ప్రతిఫలం దక్కుతుందని చెప్పడం సరికాదు. అయితే వాళ్లు లెక్కించిన నటన చాలా విశాలమైనది, చేసిన పనిని కాస్త పెంచి చెప్పడం నుంచి పచ్చి అబద్ధం దాకా అన్నీ అందులో ఉన్నాయి. బలహీనత ప్రశ్న దగ్గర పరిస్థితి వేరు. ఇక్కడ నటన అంతా ఒకే నాలుగైదు వాక్యాలకు కుదించుకుపోయింది. పొద్దుటి నుంచి ఇరవై మంది నోట అదే జవాబు విన్న హెచ్‌ఆర్‌కు ఇరవై ఒకటో మనిషి ఎవరో కూడా గుర్తుండదు. పైగా నిజాయితీ అంటే ఉన్న లోపాలన్నీ కుప్పపోయడం కాదు. అడిగింది ఒకటి, చెప్పేదీ ఒకటే. ఏది చెప్పాలో ఎంచుకోవడం మోసం కిందికి రాదు. జరగనిది జరిగిందనడమే మోసం. తనకు ఎదురుకాని సంఘటనను స్నేహితుడి దగ్గర అరువు తెచ్చుకుంటే, రేటు ఎంత, ఎవరు కనిపెట్టారు అన్న రెండో ప్రశ్నకే అది చెదిరిపోతుంది.

రెండో అభ్యంతరం భాషది, జనగామ లాంటి చోట ఇదే ఎక్కువ బరువైనది. పన్నెండేళ్లు తెలుగు మీడియంలో చదివినవాడికి ఇంగ్లిషులో అప్పటికప్పుడు మాట్లాడమంటే నోరు రాదు, కనుక బట్టీ తప్పదంటారు. ఆ ఇబ్బంది నిజమే, బట్టీ మాత్రం దాన్ని పెంచుతుంది. బట్టీ వాక్యాలు పొడుగ్గా, పుస్తకాల మాటలతో ఉంటాయి. ఒక మాట జారితే వాక్యమంతా కూలుతుంది. జరిగింది చెప్పడానికి భూతకాలంలో ఆరేడు మాటల చిన్న వాక్యాలు చాలు. వ్యాకరణం తప్పినా అంకెలు, తేదీలు, సరుకు పేర్లు వినేవాడికి అర్థమవుతాయి. నిజంగా సాధన చేయాల్సింది ఆ చిన్న వాక్యాలనే. అప్పటికీ ఆగిపోతే, ఈ భాగం తెలుగులో చెప్పవచ్చా సార్ అని అడగడంలో తప్పులేదు. హైదరాబాద్ అకౌంట్స్ విభాగాల్లో, ఫీల్డు ఉద్యోగాల్లో చాలామంది సరేనంటారు, కొందరు హిందీలో చెప్పమంటారు. విదేశీ కస్టమర్లతో ఫోన్‌లో మాట్లాడే కొలువులో మాత్రం ఆ మాట అడిగితే ఇంటర్వ్యూ అక్కడితో ముగిసినట్టే. అక్కడ ఇంగ్లిషే పని, అది రాకపోవడం జవాబులో చెప్పుకునే బలహీనతల కోవలోకి రాదు.