మూలమా, తాత్పర్యమా?

కన్యాశుల్కం నాటకం మీద వ్యాసం రాస్తున్న విద్యార్థికి ఒక చిక్కు తప్పకుండా ఎదురవుతుంది. గిరీశం మాటను ఉన్నదున్నట్టు కొటేషన్ గుర్తుల మధ్య దించాలా, లేక అతని ఉద్దేశాన్ని తన వాక్యంలో చెప్పి ముందుకు సాగాలా? అదే కళాశాలలో, పక్క భవనంలో జీవరసాయన శాస్త్రం చదివే విద్యార్థికి ఈ సందేహమే రాదు. రక్తంలో భాస్వరం ఎంత ఉందో కొలిచిన సంగతి రాస్తూ, ఫిస్కే–సుబ్బారావు పద్ధతిలో కొలిచామని ఒక్క ముక్క రాసి, పక్కన 1925 అని వేస్తాడు. ఆ పద్ధతిని కనిపెట్టిన ఇద్దరిలో ఒకరు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ రెండో పేరు ఇన్ని దశాబ్దాలుగా ప్రపంచమంతా ప్రయోగశాలల్లో వినబడుతూనే ఉంది. కానీ వారి పత్రంలోని వాక్యాన్ని ఎత్తి చూపినవారు దాదాపు ఉండరు. భాస్వరం మాలిబ్డేట్‌తో కలుస్తుంది, ఆ సమ్మేళనం మరో రసాయనం తగిలి నీలమవుతుంది, నీలం ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. ఈ సంగతిని ఎవరు ఏ మాటల్లో చెప్పినా పరీక్షనాళికలో రంగు మారదు.

గిరీశం విషయంలో మాట మారితే రంగు మారుతుంది. తెలుగు వాక్యం నడుమ అతను ఇంగ్లీషు ముక్కలు ఎలా దూరుస్తాడో, ఎదుటివాణ్ణి బట్టి గొంతు ఎలా మారుస్తాడో చెప్పదలచినప్పుడు, గిరీశం ఆడంబరంగా మాట్లాడాడు అని రాస్తే పాఠకుడికి అందేది రాసినవాడి తీర్పు మాత్రమే. ఆ తీర్పు సరైనదో కాదో చూసుకోవడానికి పాఠకుడి చేతిలో ఏమీ ఉండదు. మాటే సాక్ష్యమైన చోట మాటను చూపించాల్సిందే. అదే నాటకం మీద అదే వ్యాసంలో మరో చోట, అగ్నిహోత్రావధానులు డబ్బు కోసం పసిపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధానులుకు కట్టబెట్టబోయాడని చెప్పాల్సి వస్తుంది. అక్కడ కావలసింది కథలోని సంగతి. దానికి సంభాషణలు దించితే పేజీ నిండుతుందే గాని వాదానికి బలం చేకూరదు. అందుచేత, సాహిత్య వ్యాసంలో ఉటంకించాలి, శాస్త్ర పత్రంలో సొంత మాటల్లో రాయాలి అని తరగతిలో చెప్పే సూత్రం సగమే నిజం. అడగవలసిన ప్రశ్న ఒకటే: నా సాక్ష్యం ఆ మాటల్లో ఉందా, ఆ మాటలు తెలిపే సంగతిలో ఉందా? శాస్త్రంలో ఎక్కువసార్లు సంగతిలో ఉంటుంది కాబట్టి అక్కడ ఉటంకింపు దాదాపు కనబడదు. భాషావేత్త కెన్ హైలాండ్ 1999లో ఎనిమిది రంగాల నుంచి ఎనభై పరిశోధన పత్రాలు తీసుకుని, ఇతరుల మాటను ఎవరెలా వాడుతున్నారో లెక్కగట్టారు. భౌతిక, జీవ, ఇంజనీరింగు శాస్త్రాల పత్రాల్లో నేరుగా ఎత్తి రాసిన వాక్యాలు ఆయనకు దొరకలేదు. అంతకన్నా గమనించదగ్గది మరొకటి ఉంది. తత్త్వశాస్త్రం, సమాజశాస్త్రం వంటి రంగాల్లో కూడా ఎత్తి రాయడం కన్నా సారం చెప్పడమే చాలా ఎక్కువ. ఉటంకింపుల మీదే బతుకుతాయని మనం అనుకునే రంగాలు కూడా దాన్ని పొదుపుగానే వాడుతున్నాయన్నమాట.

మన వ్యాఖ్యాన సంప్రదాయం ఈ తేడాను ఎప్పుడో గుర్తించింది. పద్యానికి అర్థం చెప్పే పుస్తకంలో ముందు మూలం ఉంటుంది, తర్వాత ప్రతిపదార్థం, చివరికి తాత్పర్యం. మూలం ఇచ్చి ప్రతిపదార్థం వదిలేస్తే అది వ్యాఖ్యానం అనిపించుకోదు. సాహిత్య వ్యాసాల్లో నాకు తరచుగా కనిపించే లోపం సరిగ్గా ఇదే. నాలుగు వాక్యాలు ఎత్తి రాసి, దీన్నిబట్టి రచయిత అభ్యుదయ దృష్టి తెలుస్తోంది అని మరో విషయానికి వెళ్ళిపోతారు. ఏ పదం ఆ దృష్టిని చూపిస్తోందో చెప్పరు. ఉటంకించిన భాగంలో కనీసం ఒక పదాన్నో, ఒక క్రియనో పట్టుకుని మాట్లాడలేకపోతే, అక్కడ మూలం అవసరం లేదు, తాత్పర్యం చాలు. ఉటంకింపు నిలిచిందో లేదో తేల్చుకోవడానికి నాకు తెలిసిన నమ్మకమైన పరీక్ష అది. ఎత్తి రాసేటప్పుడు ఇంకో బాధ్యత కూడా ఉంది. కన్యాశుల్కం 1897లో ఒకసారి అచ్చయింది, గురజాడ దాన్ని బాగా పెంచి, తిరగరాసి 1909లో మళ్ళీ అచ్చువేశారు. రెండింటికీ చాలా తేడా ఉంది. ఏ కూర్పు నుంచి తీసుకున్నారో చెప్పకుండా ఇచ్చిన వాక్యం సగం సాక్ష్యమే. పాత్ర నోట పలికిన వాడుక మాటను అచ్చుతప్పు అనుకుని గ్రాంథికంలోకి దిద్దితే ఆ సగం కూడా పోతుంది.

ఇక శాస్త్రం వైపు. సంగతిని మాటల నుంచి విడదీయవచ్చు అన్న నమ్మకం మీదే అక్కడి పద్ధతి నిలబడింది. ఆ నమ్మకానికి ఒక షరతు ఉంది. సంగతితోపాటు దాని హద్దులు కూడా ప్రయాణించాలి. ఎవరి మీద చూశారు, ఎంతమందిని చూశారు, ఎక్కడ చూశారు, ఏది చూడలేదు అన్నవి జారిపోతే మిగిలేది తాత్పర్యం కాదు, వేరే వాక్యం. ఇది ఎంత దూరం పోగలదో చెప్పే ఉదాహరణ 1980 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయిన ఒక చిన్న ఉత్తరం. రాసినవారు జేన్ పోర్టర్, హెర్షెల్ జిక్. మొత్తం ఐదు వాక్యాలు. బోస్టన్‌లోని ఒక ఔషధ పరిశీలన కార్యక్రమం ఆసుపత్రుల్లో చేరిన రోగుల వివరాలు నమోదు చేసేది. వారిలో నార్కోటిక్ మందు కనీసం ఒక్కసారైనా పుచ్చుకున్నవారు 11,882 మంది. అంతకుముందు ఏ వ్యసనమూ లేనివారిలో, తగిన ఆధారాలతో తేలిన వ్యసనం కేసులు నాలుగు. దీన్నిబట్టి ఆసుపత్రుల్లో ఈ మందులు విరివిగా వాడుతున్నా, పూర్వం వ్యసనం లేని రోగుల్లో వ్యసనం అరుదు అని వారు ముగించారు. మోతాదు ఎంత, ఎన్నాళ్ళు వాడారు, ఇంటికి వెళ్ళాక ఏమైంది అన్నవి ఆ ఐదు వాక్యాల్లో లేవు.

తర్వాతి రచయితలు ఆ ఉత్తరాన్ని తమ మాటల్లోకి మార్చుకున్నారు. పరిశీలన, ఆసుపత్రి రోగులు అన్న మాటలు పోయి, నొప్పికి ఓపియాయిడ్లు వాడితే వ్యసనం అరుదు అన్న ముక్క మిగిలింది. నెలల తరబడి, ఏళ్ళ తరబడి ఇంట్లో మాత్రలు మింగే దీర్ఘకాలిక నొప్పి రోగులకు కూడా అదే వాక్యాన్ని వర్తింపజేశారు. 2017లో కెనడా పరిశోధకులు ఆ ఉత్తరాన్ని పేర్కొన్న రచనలన్నీ అదే పత్రిక కోసం పోగుచేస్తే 608 తేలాయి. వాటిలో 439 దాన్ని వ్యసనం అరుదనడానికి రుజువుగా చూపించాయి. 491 రచనలు, ఆ రోగులు ఆసుపత్రిలో ఉన్నవారన్న సంగతే చెప్పలేదు. ఉత్తరంలో అబద్ధం లేదు. జారిపోయింది ఒక్క విశేషణం. అమెరికాలో ఓపియాయిడ్ల విపత్తుకు కారణాలు అనేకం, ఈ ఉత్తరం ఒక్కటే కాదు. కానీ వైద్యులను నమ్మించిన కథనంలో దానికి పాత్ర ఉందని ఆ పరిశోధకులు అభిప్రాయపడ్డారు. ఆ ఉత్తరానికి పత్రిక ఇప్పుడు ఒక హెచ్చరిక గమనిక జోడించింది.

అయితే ఇంత ప్రమాదమున్నప్పుడు శాస్త్రంలో కూడా ఎత్తే రాయమంటే పోదా అని అడగవచ్చు. పోదు. ఆ ఉత్తరం నుంచి ఒక వాక్యాన్ని ఎత్తమంటే ఎవరైనా చివరి వాక్యాన్నే ఎత్తుతారు, ఎందుకంటే ముగింపు అక్కడే ఉంది. అంకెలు దాని ముందున్న వాక్యాల్లో ఉన్నాయి. కొటేషన్ గుర్తులు పెట్టిన అసంపూర్ణ వాక్యం మామూలు వాక్యం కన్నా ఎక్కువ మోసం చేస్తుంది, అది అచ్చం మూలమే అన్న భరోసా ఇస్తుంది కాబట్టి. అక్కడ రాయవలసిన తాత్పర్యం ఇలా ఉండాలి: ఆసుపత్రిలో ఉండి కనీసం ఒకసారి నార్కోటిక్ మందు పొందిన 11,882 మంది నమోదుల్లో, పూర్వం వ్యసనం లేనివారిలో నాలుగు కేసులు మాత్రమే గుర్తించారు, మోతాదు, కాలవ్యవధి, డిశ్చార్జి తర్వాతి స్థితి చెప్పలేదు. ఇది మూలంలోని ఏ ఒక్క వాక్యం కన్నా నిజాయతీగా ఉంది, ఎందుకంటే మూలం చెప్పనిదాన్ని కూడా చెబుతోంది. ఆ పని ఉటంకింపు వల్ల కాదు. శాస్త్ర పత్రంలోనూ మాటను యథాతథంగా ఇవ్వాల్సిన చోట్లు లేకపోలేదు. రోగులను అడిగిన ప్రశ్నావళిలో ప్రశ్న ఏ మాటల్లో ఉందో చూపాలి, ప్రశ్న మారితే జవాబు మారుతుంది కనుక. ఒక రచయిత రాసిన నిర్వచనంతోనే విభేదిస్తున్నప్పుడు ఆ నిర్వచనాన్నీ చూపాలి. అదే పోర్టర్–జిక్ ఉత్తరాన్ని ఆ 608 రచనలు ఏ మాటల్లోకి మార్చాయన్నది పరిశీలనాంశం అయిన క్షణం నుంచి ఆ వాక్యాలే సాక్ష్యమవుతాయి. రంగం వైద్యమే, ప్రశ్న మారింది.

రెండో అభ్యంతరం విశ్వవిద్యాలయాల నుంచి వస్తుంది. సొంత మాటల్లో రాయమంటే విద్యార్థులు పదం తీసి పదం పెడతారు, అది దొంగతనమే కదా అంటారు. నిజమే. మూలవాక్యపు అస్థిపంజరం అలాగే ఉంచి పర్యాయపదాలు తొడిగే ఈ అలవాటుకు రెబెకా మూర్ హవర్డ్ ప్యాచ్‌రైటింగ్ అని పేరు పెట్టారు. తెలుగులో దాన్ని అతుకులరాత అనవచ్చు. పక్కపక్కన పెట్టి చూస్తే వాక్యాల వరుస, ఉపవాక్యాల వరుస ఒకటే అయి ఉంటుంది, పట్టుకోవడానికి అదే ఆనవాలు. మన దేశంలో దీనికి మరో తోపుడు కూడా ఉంది. యుజిసి 2018 నిబంధనల ప్రకారం పోలిక పది శాతం లోపుంటే శిక్ష లేదు, ఆ పైన మెట్లు మెట్లుగా శిక్షలున్నాయి. శాతం తగ్గించడమే లక్ష్యమైపోయి, పరిశోధకులు స్థిరపడ్డ పదాలను కూడా మార్చేస్తున్నారు. మాలిబ్డేట్ చర్యను ఎన్ని రకాలుగా వర్ణించినా లాభం లేదు, అక్కడ పద్ధతి పేరు చెప్పి, తాము చేసిన మార్పు మాత్రం రాయాలి. నిజానికి ఆ నిబంధనలే, ఆధారం చెప్పి ఉటంకించిన భాగాన్ని పోలిక లెక్క నుంచి మినహాయిస్తాయి. అతుకులరాతకు మందు మూలాన్ని చదివి, మూసి, హద్దులతో సహా గుర్తున్నది రాసి, ఆ తర్వాతే తెరిచి సరిపోల్చుకోవడం. గుర్తులేక రాయలేకపోయిన చోటు మనకు అర్థం కాని చోటు.

తెలుగులో రాసేవారికి ఇంకొక చిక్కు ఉంది, దాన్ని ఇంగ్లీషు మార్గదర్శకాలు చెప్పవు. మన ‘అని’ మూలానికీ తాత్పర్యానికీ మధ్య గోడను చాలా పలచన చేస్తుంది. రేపు వస్తానని అన్నాడు అన్నప్పుడు అతను ఆ మాటే అన్నాడో, అలాంటిదేదో అన్నాడో వాక్యం తేల్చదు. మాట్లాడుకోవడానికి ఇది గొప్ప సౌకర్యం, వ్యాసంలో మాత్రం ప్రమాదం. ‘అని’కి ముందున్నదంతా రచయిత మాటే అని పాఠకుడు నమ్మేస్తాడు. అందువల్ల యథాతథమైతే గుర్తులు పెట్టాలి, సారమైతే ‘అన్న అర్థంలో’, ‘క్లుప్తంగా చెప్పాలంటే’ వంటి ఆనవాలు ఒకటి వాక్యంలోనే వదలాలి. ఇంగ్లీషు మూలాన్ని మనమే తెనిగించి కొటేషన్ గుర్తుల మధ్య పెట్టినప్పుడు ఈ సమస్య ఇంకా ముదురుతుంది. ఆ తెలుగు మాటలు ఆ రచయిత ఎప్పుడూ అనలేదు, అవి మన తాత్పర్యమే. గుర్తులు ఉంచదలిస్తే అనువాదం నాది అని అక్కడే రాయాలి, వాదమంతా ఒక పదం మీద నడిస్తే ఆ మూలపదాన్ని తెలుగు లిపిలోనైనా పక్కన చూపాలి. పోర్టర్, జిక్ వాడిన ఆ రోగుల విశేషణాన్ని చికిత్స పొందినవారు అని తెనిగిస్తే, ఆసుపత్రిలో చేరినవారన్న సంగతి మన చేతుల్లోనే మరోసారి జారిపోతుంది.