ఫ్లాస్కులో ముందుగా అయిపోయేది

పటాన్‌చెరు దగ్గర రైజోబియం కల్చర్ తయారుచేసే ఒక చిన్న ల్యాబ్‌లో చేరిన కొత్తలో, వేరుశనగ బాక్టీరియాను ఎక్కువగా పెంచాలన్న ఆత్రంతో ఒక పని చేశాను. లీటరుకు 10 గ్రాములు వేయాల్సిన మానిటాల్ చక్కెరను 20 గ్రాములు వేశాను. ఐదు రోజుల తర్వాత లెక్క చూస్తే బాక్టీరియా మామూలుకన్నా ఎక్కువేమీ పెరగలేదు, ద్రావణం మాత్రం జిగురు పట్టింది. మా సార్ ఫ్లాస్కును వెలుతురుకెత్తి చూసి, “తిండి రెట్టింపు పెట్టినవమ్మా, మరి గాలి?” అన్నారు.

ఆ ప్రశ్న దగ్గరే నాకు ఈ పని అర్థం కావడం మొదలైంది.

వేరుశనగ వేరు బుడిపెల్లో కాపురముండి, గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే ఈ జీవి పేరు బ్రాడీరైజోబియం. గ్రీకులో ‘బ్రాడీ’ అంటే నెమ్మది. 1972లో ఇక్కడ వెలసిన ఇక్రిశాట్ పొలాల్లో పరీక్షకు నిలిచిన ఎన్‌సీ 92 రకం కూడా ఈ జాతిదే. ఒకటి రెండు కావడానికి దాదాపు 8 గంటలు తీసుకుంటుంది.

తోడు వేసిన వెంటనే ఏమీ జరిగినట్టు కనిపించదు. ఇది ల్యాగ్ దశ. ఇక్కడ తిండికీ గాలికీ కొదవ లేదు. ఫ్రిజ్‌లో నెలల తరబడి పడి ఉన్న బాక్టీరియా తన లోపలి యంత్రాంగాన్ని, ముఖ్యంగా ప్రొటీన్లు తయారుచేసే రైబోజోములను, మళ్లీ సమకూర్చుకోవాలి. పాత తోడుతో పెరుగు ఆలస్యంగా తోడుకుంటుంది కదా, అలాంటిదే. అదే ద్రావణంలో చురుగ్గా పెరుగుతున్న కల్చర్ నుంచి తోడు తీసుకుంటే ఈ నిరీక్షణ దాదాపు ఉండదు.

తర్వాత రెట్టింపుల దశ. మిల్లీలీటరుకు 10 లక్షలతో మొదలైతే 10 రెట్టింపుల్లో 100 కోట్లు దాటుతుంది. అంటే 80 గంటలు. ఇప్పుడు వేగానికి హద్దు కణం సొంత సత్తువే. సెమీలాగ్ గ్రాఫ్ కాగితం మీద ఈ దశ తిన్నని గీతలా నడుస్తుంది. ఆ గీత ఎక్కడ వంగుతుందో చూడడమే మా పనిలో అసలు విద్య.

మా ఫ్లాస్కులో ఎందుకు వంగింది? 250 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో 150 పోశాను. లీటరు ద్రావణంలో కరిగి ఉండే ఆక్సిజన్ దాదాపు 8 మిల్లీగ్రాములే. నేను వేయాల్సిన 10 గ్రాముల చక్కెర పూర్తిగా దహనం కావడానికే 11 గ్రాములకు పైగా కావాలి. సగం చక్కెర కణాల ఒంట్లో కలిసిపోతుందనుకున్నా, కరిగి ఉన్నదానికి వందల రెట్లు అవసరం. అదంతా ద్రావణం పైముఖం నుంచే లోపలికి దిగాలి. షేకర్ తిప్పేది అందుకే. కల్చర్ చిక్కబడ్డాక కరెంటు పోయి షేకర్ ఆగితే కరిగిన ఆక్సిజన్ నిమిషాల్లో ఖాళీ అవుతుంది.

గాలి చాలకపోతే పెరుగుదల ఒక్కసారిగా ఆగిపోదు, రెట్టింపు కావడం మానేస్తుంది. గంటకు ఇంత అని ఒకే లెక్కన కూడుతూ పోతుంది. అనుమానం తీర్చుకోవాలంటే అదే సైజు ఫ్లాస్కులో 50 మిల్లీలీటర్లే పోసి మళ్లీ చూడాలి. గీత ఇంకొంత దూరం తిన్నగా నడిస్తే లోపం గాలిదే. మాది అలాగే నడిచింది.

చివరికి అదీ ఆగింది. ఈసారి అయిపోయింది నత్రజని అని నా అంచనా. ఈస్ట్ సారం లీటరుకు ఒక గ్రామే వేస్తాం, వేరు బుడిపెల బయట అందులోని నత్రజనే వాటికి ఆధారం. అది తీరాక చక్కెర మిగిలినా కొత్త కణాలు కట్టలేవు, ఆ చక్కెరను జిగురుగా మార్చి బయటికి వదులుతాయి. నా మొదటి ఫ్లాస్కు ఎందుకు జిగురు పట్టిందో అప్పుడు తెలిసింది. ఏది ముందుగా తరిగిపోతుందో దాన్ని పెంచితేనే దిగుబడి పెరుగుతుంది. ఫ్రాన్స్‌లో జాక్ మోనో 1940లలో ఈ సంబంధాన్ని లెక్కకట్టి చూపించాడు.

ఈ స్థిర దశ తర్వాతి క్షీణ దశ కంటిని మోసం చేస్తుంది. చచ్చిన కణాలు కూడా ద్రావణాన్ని మసకగానే ఉంచుతాయి కాబట్టి మసక కొలిచే మీటరు అంకె తగ్గదు, ప్లేటు మీద మొలిచే చుక్కలు మాత్రం తగ్గిపోతాయి. అందుకే లిగ్నైట్ పొడిలో కలిపే కల్చర్‌ను అంతదాకా ఆగనివ్వం.

నెమ్మది జీవితో ఇంకో భయం ఉంది. గంటకోసారి రెట్టింపయ్యే పరాయి బాక్టీరియా ఒక్కటే దూరినా, 37 రెట్టింపుల్లో, అంటే ఒకటిన్నర రోజులో, 100 మిల్లీలీటర్ల ఫ్లాస్కును నింపేయగలదు. మీటరు అంకె చూసి మనం పంట బాగుందని సంబరపడతాం. ప్లేటు మీద వేరుశనగ రైజోబియం చుక్కలు కనబడాలంటే వారం పడుతుంది. అంతకు ముందే పట్టుకోవడానికి కొంచెం ద్రావణం పక్కకు తీసి బ్రోమోథైమాల్ బ్లూ చుక్క వేస్తాను. మన నెమ్మది రకం క్షారం వదులుతుంది, రంగు నీలానికి తిరుగుతుంది. ఆమ్లం వదిలే త్వరగా పెరిగే రకాలైతే పసుపు. పసుపు కనబడితే ఆ ఫ్లాస్కు నేరుగా ఆటోక్లేవ్‌లోకే. నీలమైతే లిగ్నైట్ సంచీ తెరుస్తాం.