రైతాలో ఉప్పు ఎప్పుడు?

పోయిన ఆదివారం ఒక గృహప్రవేశం భోజనంలో కీరా రైతా వేశారు. వేసిన కాసేపటికే విస్తట్లో పెరుగు ఒక పక్క, నీళ్లు ఒక పక్క అయ్యాయి. ఆ నీళ్లు వెళ్లి పులిహోరను తడిపాయి. పెరుగు కమ్మగా ఉంది, కీరా లేతది. ఇంత మంచి సరుకు అలా పాడైతే నాకు మనసొప్పదు. పక్కన కూర్చున్నాయన "పాలు పలచనివై ఉంటాయి" అన్నారు. అందరూ ముందు పెరుగునే అంటారు. పెరుగు తరఫున నేనెప్పుడూ వకాల్తా పుచ్చుకుంటానని ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు. ఈసారీ అంతే.

కీరాలో నూటికి 95 పాళ్లు నీళ్లే. కోసిన ముక్కకు ఉప్పు తగిలితే లోపలి నీరు బయటికి వస్తుంది. ఉప్పు ముక్క మీదే చల్లక్కర్లేదు, పెరుగులో కలిపినా చాలు, పెరుగే ఆ ఉప్పును ముక్క దాకా చేరుస్తుంది. పెరుగు తన వంతు నీరు విడవదని కాదు. గరిటెతో తోడిన చోట తేట ఊరుతుంది, పులిసిన కొద్దీ ఇంకా ఊరుతుంది. కానీ దాన్ని కవ్వంతో నాలుగు తిప్పులు తిప్పితే మళ్లీ పెరుగులో కలిసిపోతుంది. కీరా నీరు అలా కాదు. ఎంత కలిపినా ఊరుతూనే ఉంటుంది. అనుమానముంటే ఒక గిన్నెలో ఉప్పేసిన ముక్కలు, ఇంకో గిన్నెలో చిలికిన ఉత్త పెరుగు పెట్టి పావుగంట తర్వాత చూడండి.

మా మేనత్తకు ఇది బాగా తెలుసు. వాళ్లింట్లో పెరుగు పచ్చడి పెద్ద గుండిగలో చేసేవారు. పావుకిలో కాయకు అర చెంచా ఉప్పు లెక్కన కీరా కోరులో కలిపి పావుగంట వదిలేసేది. తర్వాత పల్చటి పంచె గుడ్డలో మూటగట్టి, జల్లెడలో పెట్టి, పైన రుబ్బురోలు పొత్రం ఎక్కించేది. కింది పళ్లెంలోకి లేతాకుపచ్చ నీరు దిగేది. ఒక్క కాయకే చిన్న టీ గ్లాసులో సగం పైన వచ్చేది. "ఆ నీళ్లు పారబొయ్యకే, మజ్జిగలో పొయ్యి" అనేది. ఆ నీళ్లలో ఉప్పుంటుంది కాబట్టి మజ్జిగలో మళ్లీ ఉప్పు వేయనిచ్చేది కాదు. పిండిన కోరులోనూ కొంత ఉప్పు మిగులుతుంది కనుక, పచ్చడి రుచి చూశాకే ఉప్పు డబ్బా ముట్టుకునేది. పోపు కూడా చల్లారాకే కలిపేది. వేడి నూనె తగిలిన చోట పెరుగు గరగరలాడి తేట వదులుతుందని ఆమె చెబితే మాకు అర్థం కాలేదు. వేడిది కలిపి చూపిస్తే అర్థమయింది.

కాబట్టి అందరూ పిండుకోండని రాద్దామనే కూర్చున్నాను. కానీ రాస్తున్న కొద్దీ ఒకటి తట్టింది. మా అత్త పచ్చడి మొదటి పంక్తి నుంచి చివరి పంక్తి దాకా గంటల తరబడి నిలవాలి, అందుకే పిండేది. పిండిన కీరా మెత్తబడుతుంది, కరకర పోతుంది, వాసన సగం నీళ్లతోపాటే వెళ్లిపోతుంది. నలుగురున్న ఇంట్లో, కలిపిన పది నిమిషాల్లో తినేసే రైతాకు అంత నష్టం ఎందుకు?

ఇంటికి నేనిప్పుడు చెప్పేది వేరు. కాయను నిలువునా చీల్చి, నీరంతా ఉండే గింజల గుజ్జును చెంచాతో గీకేయాలి. కోరకుండా కత్తితో చిన్న ముక్కలు కోయాలి. కోరితే ఎక్కువ చోట్ల నలిగి, ఉప్పు లేకుండానే నీరు కారుతుంది. ముక్కలు విడిగా, చిలికిన పెరుగు విడిగా ఫ్రిజ్‌లో ఉంచి, కంచాలు పెట్టాక కలిపి, ఉప్పు అప్పుడే వేయాలి. ఉల్లిపాయకూ ఇదే వరస. దాన్ని ఉప్పేసి చేత్తో నలపొద్దు. ఘాటు ఎక్కువైతే తరిగిన ముక్కలు చన్నీళ్లలో ఒకసారి కడిగి, గుడ్డమీద ఆరబెడితే చాలు. టిఫిన్ డబ్బాకు, పెళ్లి వంటకు మాత్రం మా అత్త మూటే శరణ్యం.

బిర్యానీ మాటేమిటని హైదరాబాద్ పాఠకులు అడుగుతారు. అక్కడ దహీ చట్నీ జారుగానే ఉండాలి, పొడి మెతుకులోకి దిగాలి. ఆ జారుతనం పెరుగును కొద్దిగా పాలతో చిలికి తెచ్చుకోవాలి. కీరా ఊటతో పలచబడితే పెరుగు రుచి చప్పబడుతుంది. పాలతో పలచబడినది మొదటి ముద్దకీ చివరి ముద్దకీ ఒకేలా ఉంటుంది.